నడిమి గదికి గాలి ఏ దారిన రావాలి?

పెంటపాడు నుంచి ఒక కుర్రాడు పోయిన నెల నాకు వాట్సాప్‌లో ఇంటి ప్లాన్ పంపాడు. వంద గజాల స్థలం. వెడల్పు 18 అడుగులు, పొడవు 50 అడుగులు. అటూ ఇటూ పక్కవాళ్ల గోడలే, మధ్యలో వేలు దూర్చే సందు కూడా లేదు. తాతల నాటి పెంకుటిల్లు తీసేసి శ్లాబు ఇల్లు కడుతున్నారు. ప్లాన్ కింద ఒక్క ప్రశ్న రాశాడు: "సార్, నడిమి గదిలో మా నాయనమ్మ పడుకుంటుంది. మే నెలలో రాత్రి కరెంటు పోతే ఆవిడ డాబా ఎక్కలేదు. ఆ గదికి గాలి ఎలా వస్తుందండి?"

ప్లాన్ చూస్తే, ఆ గదికి గాలి రాదు. మేస్త్రి గారు తన మట్టుకు తాను బాగానే గీశారు. ఇల్లు దక్షిణ ముఖం. ముందు వరండా, తర్వాత హాలు, హాల్లోంచే ఆగ్నేయం మూల కట్ చేసి వంటగది. మధ్యలో పడకగది, దాని పక్కనుంచి వెనక్కి వెళ్లే సన్నని నడవ. వెనక వాయవ్యంలో బాత్రూమ్, పక్కన సామాన్ల గది. హాలుకి వీధి వైపు 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తున్న స్లైడింగ్ కిటికీ. వెనక గోడకి 2 అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తున్న చిన్న వెంటిలేటర్. ఈ రోజుల్లో మన వైపు వరస ఇళ్లు చాలా వరకూ ఇలాగే లేస్తున్నాయి.

"హాలు కిటికీ ఇంకోటి పెట్టించుకో బాబూ, గాలి దుమ్ము లేచిపోద్ది" అన్నారట మేస్త్రి గారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ అసలు పొరపాటు అక్కడే ఉంది.

గాలి ఇంట్లోకి రావాలంటే ముందు ఇంట్లో ఉన్న గాలి బయటికి పోవాలి. సీసా మూతి దగ్గర ఎంత ఊదినా లోపలికి గాలి వెళ్లదు, అడుగున చిల్లు ఉంటేనే వెళ్తుంది. ఇల్లూ అంతే. గాలి ముందు గోడకి కొట్టుకుంటే అక్కడ ఒత్తిడి పెరుగుతుంది, ఇంటి వెనక తగ్గుతుంది. ఆ తేడాయే గాలిని లోపలినుంచి లాగుతుంది. దారిలో ఎక్కడ ఇరుకుందో అదే మొత్తం గాలిని నిర్ణయిస్తుంది.

దీనికి చిన్న లెక్క ఉంది. వరసగా రెండు కంతల్లోంచి గాలి వెళ్తుంటే, ఆ రెండూ కలిసి ఎంత కంతతో సమానమో ఇలా కడతారు:

1/A² = 1/A1² + 1/A2²

స్లైడింగ్ కిటికీలో ఒక అద్దం ఇంకో అద్దం వెనక్కి వెళ్తుంది కాబట్టి తెరుచుకునేది సగమే. 18 చదరపు అడుగుల కిటికీలో గాలికి దక్కేది 9. వెనక వెంటిలేటర్ 3. రెండూ కలిపి లెక్కేస్తే సుమారు 2.85 చదరపు అడుగులు. ఇప్పుడు మేస్త్రి గారి మాట ప్రకారం ముందు ఇంకో కిటికీ పెట్టి 9ని 18 చేశాం అనుకోండి. లెక్క 2.96కి వస్తుంది. అంతే! కొత్త కిటికీ, గ్రిల్, అద్దాలు, ఇంత ఖర్చు పెట్టి పెరిగింది అరచేతి పాటి జాగా. అదే ముందు కిటికీ ముట్టుకోకుండా వెనక 3ని 12 చేస్తే లెక్క 7.2 అవుతుంది. గాలి రెండున్నర రెట్లు.

ఇది చెబితే కుర్రాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అంటే వీధి వైపు కిటికీ కాదండీ, దొడ్డి వైపు కిటికీ పెద్దది చెయ్యాలా?" అన్నాడు. ఆయ్, అదే.

నిజానికి అతను పడగొట్టిస్తున్న పెంకుటింటికి ఈ సంగతి తెలుసు. వీధి గుమ్మంలో నిలబడితే వరసగా ఒకదాని వెనక ఒకటి గుమ్మాలు, ఆఖరికి దొడ్డిలో చెట్టు కనబడేవి. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోయేది. కాస్త ఉన్నవాళ్ల మండువా ఇళ్లలో అయితే మధ్యన ఆకాశమే కనిపించేది. శ్లాబు వచ్చాక పైదారి మూసుకుపోయింది. బాత్రూమ్ ఇంట్లోకి వచ్చి వెనక గోడ దగ్గర కూర్చున్నాక వెనకదారీ మూసుకుపోయింది. ఇంట్లో బాత్రూమ్ వద్దని నేననను, ఆ మాట పెద్దవాళ్లున్న ఇంట్లో అనకూడదు కూడా. కాకపోతే దానికి వెనక గోడ ఇవ్వక్కర్లేదు.

ఇక గాలి ఎటునుంచి వస్తుందో చూద్దాం. తాడేపల్లిగూడెం, పెంటపాడు, ఏలూరు చుట్టుపక్కల సముద్రం మనకి దక్షిణం వైపు ఉంది. వేసవిలో సాయంత్రం పూట దక్షిణం, ఆగ్నేయం నుంచి పైరగాలి వస్తుంది. మనకి కావాల్సింది అదే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమర, నైరుతి గాలులు. చలికాలంలో ఈశాన్యం నుంచి. మే నెల పగలు పడమటి వడగాలి. దాని సంగతి తర్వాత చెబుతాను. ఫోన్లో కంపాస్ తెరిచి వీధి గుమ్మంలో నిలబడితే మీ ఇల్లు ఎటు చూస్తోందో నిమిషంలో తెలిసిపోతుంది. ఈ కుర్రాడిది దక్షిణ ముఖం. "దక్షిణ ముఖం ఎందుకండీ" అని బంధువులు నసుగుతున్నారట. గాలి మట్టుకు, ఈ ప్రాంతంలో అంతకన్నా మంచి ముఖం నేను చూడలేదు.

కానీ ఆగ్నేయంలో వంటగది పెట్టాడే, అది ఆ గాలికి సరిగ్గా ఎదురు. సాయంత్రం పైరగాలి ముందు పొయ్యిని తాకి, అక్కడి వేడినీ చేపల పులుసు వాసననీ తీసుకుని నాయనమ్మ మంచం మీదుగా వెళ్తుంది. వంట ఎప్పుడూ గాలి పోయే వైపు ఉండాలి, వచ్చే వైపు కాదు. వాస్తు పట్టింపు ఉన్నవాళ్లకి కూడా ఆగ్నేయం కుదరకపోతే వాయవ్యం అని రెండో దారి ఉంది కాబట్టి వాళ్లమ్మ గారు ఈ మాటకి తొందరగానే ఒప్పుకున్నారు.

అలా మేం మళ్లీ గీసింది ఇది. గోడలు పోను లోపలి వెడల్పు 16 అడుగుల 6 అంగుళాలు. ముందు 5 అడుగుల వరండా. తర్వాత 12 అడుగుల హాలు, ఈసారి పూర్తి వెడల్పున. తర్వాత 11 అడుగుల పడకగది, దానికి తూర్పు పక్కన 3 అడుగుల 6 అంగుళాల నడవ. ఆ తర్వాత నాలుగున్నర అడుగుల పట్టీ ఒకటి వదిలాం. అందులో పడమర వైపు బాత్రూమ్, దాని పక్కన సుమారు ఐదున్నర అడుగుల వెడల్పున పైకప్పు లేని ఖాళీ. దీన్ని మేస్త్రులు డక్ట్ అంటారు. దాని వెనక 9 అడుగుల వంటగది, అందులోనే భోజనాల బల్ల. చివర్న నాలుగున్నర అడుగుల దొడ్డి. గోడల మందం కలిపితే 50 అడుగులు నిండిపోయాయి.

డక్ట్ ఎందుకు? గాలి ఒక వైపు కిటికీలోంచే వచ్చి పోవాలంటే, గది ఎత్తుకి సుమారు రెండు రెట్ల లోతు వరకే దాని ప్రభావం ఉంటుందని ఈ రంగంలో ఒక మోటు లెక్క. రెండు వైపులా కిటికీలుంటే అయిదు రెట్ల దాకా వెళ్తుంది. 10 అడుగుల శ్లాబు కింద వీధి కిటికీ ఒక్కటే ఉంటే 20 అడుగులు. అంటే హాలు దాటి పడకగది గుమ్మం లోపలికి నాలుగడుగులు వేసేసరికి అయిపోతుంది. రెండు వైపులా ఉంటే 50 అడుగులు, మన ఇంటి లోపలి పొడవు దానిలో ఇముడుతుంది. కానీ మధ్యలో అడ్డగోడలున్నాయి. డక్ట్ ఆ నడిమి గదికి సొంత వెనక గోడ ఇస్తుంది. నాయనమ్మ గది ఉత్తరపు గోడలో డక్ట్‌లోకి 4 అడుగుల చదరపు కిటికీ పెట్టాం. ఇప్పుడు ఆ గదికి గాలి పోయే దారి దొరికింది.

మరి వచ్చే దారి? రాత్రి తలుపు వేసుకుంటే హాలు గాలి గదిలోకి రాదు. తలుపు మీద వెంటిలేటర్ పెట్టమంటారు అందరూ. పెట్టొచ్చు, వేడిగాలి పోవడానికి పనికొస్తుంది. కానీ 7 అడుగుల ఎత్తున వచ్చే గాలి శ్లాబు కిందుగా వెళ్లిపోతుంది. ఫ్యానుకి తెలుస్తుందేమో గానీ మంచం మీద పడుకున్న మనిషికి తెలీదు. అందుకే హాలుకీ పడకగదికీ మధ్య గోడలో నేలనుంచి 2 అడుగుల ఎత్తులో, 4 అడుగుల వెడల్పున, 2 అడుగుల ఎత్తున కంత పెట్టించాం. దానికి ఏటవాలు చెక్క రెక్కలు. చూపు ఆగుతుంది, గాలి వస్తుంది. మంచం కూడా దానికి ఎదురుగానే.

హాలు కిటికీలు రెండయ్యాయి. ఇప్పుడు వెనక దారి ఉంది కాబట్టి ముందు పెంచితే ఫలితం ఉంటుంది. ఎంత పెంచాలి? మనలాంటి ఉక్క ప్రాంతాల్లో నేల వైశాల్యంలో ఆరో వంతు తెరుచుకునే కిటికీ ఉండాలని జాతీయ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహితలోనూ మన వాతావరణానికి అదే, 16.66 శాతం. మన హాలు దాదాపు 198 చదరపు అడుగులు, అందులో ఆరో వంతు 33. 4 అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తున్న కిటికీలు రెండు పెడితే 36. స్లైడింగ్ పెడితే అందులో 18 మాత్రమే లెక్కకొస్తుంది. రెక్కలు తెరుచుకునే పాతకాలం కిటికీకి 90 శాతం లెక్కేస్తారు, అంటే 32. దాదాపు సరిపోయింది. షాపువాడు "సార్, ఇప్పుడు అందరూ స్లైడింగే" అంటాడు. అననివ్వండి.

రెక్కల కిటికీతో ఇంకో లాభం ఉంది. వానాకాలంలో పడమటి గాలి వీధి వెంట పోతుంది, ఇంట్లోకి తిరగదు. అప్పుడు తూర్పు వైపు రెక్కని గోడకి నిలువుగా, బయటికి పొడుచుకొచ్చేలా ఆపి, పడమర రెక్కని గోడకి ఆనించేయాలి. పక్కనుంచి పోయే గాలి ఆ నిలువు రెక్కకి తగిలి లోపలికి మళ్లుతుంది. ఆగ్నేయపు గాలి రోజుల్లో దీనికి తిరగేసి. అయితే వరండా పక్కలకి గోడలు కట్టేస్తే ఈ ఆట సాగదు, అక్కడ గ్రిల్ ఉండాలి.

కట్టాక ఎదురయ్యే మొదటి చిక్కు నడవ. గాలికి బద్ధకం ఎక్కువ, తేలిక దారే చూసుకుంటుంది. మూడున్నర అడుగుల నడవ బార్లా తెరిచి ఉంటే హాల్లోంచి నేరుగా వంటింట్లోకి వెళ్లిపోతుంది, నాయనమ్మ గదిలోకి తొంగి కూడా చూడదు. అందుకే నడవ మొదట్లో తలుపు పెట్టాం. పగలు తెరిచి ఉంచుకోవచ్చు, రాత్రి పడుకునే ముందు వేసెయ్యాలి. అప్పుడు హాలు గాలికి పడకగదే దారి.

రెండోది దోమలు. వరి చేలు, చేపల చెరువుల మధ్య ఉన్నవాళ్లకి మెష్ వద్దని ఎవరు చెప్పగలరు? కానీ మెష్ గాలిని బాగా తగ్గిస్తుంది, దుమ్ము పట్టిన మెష్ అయితే మరీను. దీనికి మందు కంత పెంచడమే. డక్ట్ కిటికీకి, వంటింటి కిటికీకి మెష్ వేస్తూనే, దొడ్డి గుమ్మానికి అదనంగా నిండు మెష్ తలుపు పెట్టించాం. చెక్క తలుపు తీసి మెష్ తలుపు వేసుకుంటే 20 చదరపు అడుగుల పైన దారి. నెలకోసారి తడిగుడ్డతో తుడవాలి.

మూడోది బాత్రూమ్. దాని వెంటిలేటర్‌ని డక్ట్‌లోకి పెడదామన్నారు మేస్త్రి గారు. డక్ట్‌లోకి నాయనమ్మ కిటికీ కూడా ఉంది కదా! చలికాలంలో ఉత్తరం గాలి వచ్చినప్పుడు అదంతా తిరిగి గదిలోకే వస్తుంది. అందుకని బాత్రూమ్‌కి చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను, దాని గొట్టం శ్లాబు దాటి పిట్టగోడ పైకి.

ఇదంతా అయ్యాక కూడా గాలి నడుస్తోందో లేదో తెలుసుకోవడం సులువు. సాయంత్రం ఆరింటికి ఫ్యాన్లు ఆపి, కిటికీలు తీసి, హాలు కిటికీ దగ్గర అగరొత్తి పట్టుకోండి. పొగ లోపలికి వంగి, అలాగే స్థిరంగా సాగితే దారి ఉన్నట్టు. లోపలికి వచ్చి మళ్లీ అదే కిటికీలోంచి బయటికి పోతుంటే వెనక ఎక్కడో మూసుకుపోయింది. అప్పుడు ఒక్కో తలుపు తీసుకుంటూ వెళ్లండి, ఏది తీసినప్పుడు పొగ వంగిందో అదే మీ ఇరుకు. ఇప్పటికే కట్టేసిన ఇంట్లో ఉన్నవాళ్లు కూడా ఈ పరీక్ష చెయ్యొచ్చు. డక్ట్ లేని ఇంట్లో డాబా మీద మెట్ల గది ఉంటే రాత్రి దాని తలుపు తీసి చూడండి, చాలాసార్లు పొగ అటు తిరుగుతుంది. దొంగల భయం ఉంటే ఆ గుమ్మానికి గ్రిల్ తలుపు పెట్టించుకోవచ్చు.

ఇప్పుడు వడగాలి సంగతి. మే నెలలో పగలు బయట 40 డిగ్రీలు దాటినప్పుడు ఈ కిటికీలన్నీ తెరిచి పెడితే, ఆ వేడిని మనమే పిలిచి గోడలకి పట్టించినట్టు. పొద్దున ఎండ ముదిరే లోపే మూసెయ్యాలి, సాయంత్రం బయట చల్లబడ్డాక తియ్యాలి. పైరగాలి అసలు కదలని రాత్రులూ ఉంటాయి. అప్పుడు డక్ట్ ఒక్కటే దిక్కు. పగలంతా కాగిన శ్లాబు వల్ల గదిలో గాలి బయటికన్నా వేడిగా ఉంటుంది, అది డక్ట్‌లోంచి పైకి లేస్తుంది. ఒక్క అంతస్తు ఇంట్లో ఈ లాగుడు బలహీనమే. చొక్కా ఎగిరే గాలి రాదు, ఉక్కపోత కొంచెం తగ్గుతుంది. కుర్రాడికి అదే చెప్పాను. బ్యాటరీ ఫ్యాను ఒకటి ఉంచుకోమనీ చెప్పాను.

నాకు బెంగంతా డక్ట్ మీదే. ఇంట్లోకి వాన పడుతుందని రెండేళ్లకి దాని మీద అద్దమో రేకో బిగించేస్తారు. నేను చూసిన డక్ట్‌లలో సగం అలా చచ్చినవే. అందుకే ముందే పైకప్పు నిర్ణయించాం. డక్ట్ గోడలు డాబా మీద 3 అడుగులు లేపి, మీద ఇనుప గ్రిల్, దానికి అడుగున్నర పైన పాలికార్బనేట్ షీటు, దక్షిణం నుంచి ఉత్తరానికి వాలుగా. షీటు అంచులు గోడల కన్నా అడుగు బయటికి రావాలి. దక్షిణం, పడమర వైపుల సందుని మూసేసి, ఉత్తరం, తూర్పు తెరిచి ఉంచాం. జల్లు కొట్టేదీ గాలి కొట్టేదీ ఎక్కువగా మూసిన వైపునుంచే, తెరిచిన వైపు గాలిని లాగుతుంది. తుపాను రోజుల్లో తూర్పునుంచి జల్లు వస్తుంది, తప్పదు, అందుకే డక్ట్ నేల ఇంటి నేల కన్నా 4 అంగుళాలు కిందికి, దానికో నీళ్ల గొట్టం.

దొడ్డి వైపు ఇంకొకటి నా చేతిలో లేదు. వెనకింటివాళ్లు రేపు రెండంతస్తులు లేపితే ఆ నాలుగున్నర అడుగులు బావిలా మిగులుతుంది. గాలి తగ్గుతుంది గానీ ఆగదు, పైన రేకు వెయ్యనంత కాలం.

మొన్న పునాది దగ్గర ముగ్గు పోస్తుంటే నాయనమ్మ గారు కుర్చీ వేయించుకుని చూశారట. డక్ట్ గీత దగ్గర ఆగి, "ఇదేంట్రా, ఇక్కడ ఖాళీ వదిలేశారు?" అని అడిగారు. "నీ గది కిటికీ అక్కడికి వస్తుంది నాయనమ్మా, పైన ఆకాశమే" అన్నాడు మనవడు. ఆవిడ కాసేపు చూసి, "మరి వానొస్తే నీళ్లు ఎటు పోతాయి?" అన్నారు. మేస్త్రి గారు గొట్టం పోయే దారి కాలితో గీసి చూపించారు.